బట్టీ మీద గది

రొట్టెల బట్టీకి సరిగ్గా పైన ఒక గది ఉంది. బట్టీ కాల్చేవాడికి ఆ గది ఇస్తారు. పని ఉన్నన్నాళ్లు గది ఉంటుంది. నిప్పు చూసుకునేవాడు దగ్గరే ఉండాలని యజమాని పద్ధతి. చలికాలంలో ఆ గదిని చూసి పనివాళ్లందరూ కుళ్లుకునేవారు. ఎండాకాలంలో ఎవరూ ఆ మెట్లు ఎక్కేవారు కాదు.

పొగగొట్టం ఆ గది గోడలోంచే పైకి పోతుంది. ఆ గోడకి వీపు ఆనించలేరు. కింద రొట్టె కాలేటప్పుడు నేల కూడా కాలుతుంది. ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడ వైపు తెరుచుకుంటుంది. ఫ్యాను తిరుగుతుంది గాని, వేడిగాలినే తిప్పుతుంది.

ఆ గదిలో ముగ్గురు ఉండేవారు. కాల్చేవాడు, అతన్ని అందరూ మేస్త్రి అంటారు. అతని భార్య. మూడో నెల నడుస్తున్న ఆడపిల్ల. పిల్ల పుట్టినప్పుడు గుండ్రంగా, మెత్తగా, పైన కాస్త ఎర్రగా ఉందని, పిండి పిసికే ఆయన "ఇది పిల్ల కాదు, బన్ను" అన్నాడు. అప్పటినుంచి బన్నే. పిండి పిసికే ఆయనకీ మేస్త్రికీ చుట్టరికం ఏమీ లేదు. ఒకర్నొకరు బావా అనుకుంటారు. ఎదురెదురుగా నిలబడి ఏళ్ల తరబడి చెమటోడ్చితే చుట్టరికం దానంతట అదే వస్తుంది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. మేస్త్రికి వీపు నిండా, ప్యాంటు పట్టీ కింద నడుం చుట్టూ, చెమటకాయలు లేచాయి. చొక్కా తగిలితే సూదులు గుచ్చినట్టుండేది.

"బావా, నీ వీపు మీద గసగసాలు ఎవరు చల్లారు?" అన్నాడు పిండాయన.

"నీ మెడ మీద చల్లగా మిగిలినవి."

"అయితే నన్నూ ట్రేలో పెట్టి లోపలికి తోసెయ్."

"నువ్వు పొంగవు బావా. నీకు ఈస్టు పట్టదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే గోక్కున్నారు.

పిల్లకి ముందు నుదుటి మీద కనిపించాయి. తర్వాత మెడ మడతల్లో, చంకల్లో, వీపు మీద. ఆవగింజంత కూడా లేని ఎర్రని పొక్కులు. కొన్ని నీటిబొట్టులా తెల్లగా. పాలు తాగుతోంది. ఎత్తుకుంటే నవ్వుతోంది. కింద బట్టీ రాజుకున్నప్పుడు మాత్రం ఒళ్లు మెలికలు తిప్పుకుని ఏడుస్తోంది. తల్లి తడిగుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర నిలబడి ఊపేది.

ఒకరోజు యజమాని పనిగదిలోకి వచ్చాడు. పిండాయన ముంజేతులు చూశాడు. మేస్త్రి మెడ చూశాడు. పైనుంచి దిగుతున్న మేస్త్రి భార్య భుజం మీద పిల్లని చూశాడు. ముఖం మాడిపోయింది.

"ఏంటిది? ముగ్గురికీ ఒకటే వచ్చిందే! అంటుజబ్బా?"

"చెమటకాయలండీ" అన్నాడు మేస్త్రి.

"నువ్వెప్పుడు డాక్టరు చదివావు? ఇది తిండి వ్యాపారం. ఆ చేతులతో పిసికిన రొట్టె ఊరంతా తింటుంది. అంటుకునేది కాదని ఆస్పత్రివాళ్లు చెప్పాలి. చెబితే పనిలో ఉండండి. లేకపోతే మీ దారి మీది. నేను ఇంకొకర్ని చూసుకుంటా."

పిండాయన ఆ పూట జోకులు వెయ్యలేదు.

ముగ్గురూ పిల్లని తీసుకుని వీధి చివర ఉన్న చిన్న ఆస్పత్రికి వెళ్లారు. అక్కడి నర్సమ్మ పెద్దవాళ్లిద్దరి చొక్కాలు విప్పించి చూసింది. పిల్ల గౌను తీసేసి, వెలుతురులో పెట్టి, ప్రతి మడతా విప్పి చూసింది. వేలితో మెల్లగా తాకింది. పిల్ల ఏడవలేదు. ఒంటి వేడి చూసింది. జ్వరం లేదు.

"చెమటకాయలే" అంది. "చర్మంలోంచి చెమట బయటికొచ్చే సన్నటి దారులు పూడుకుపోతాయి. చెమట లోపలే ఆగిపోయి ఇలా పొక్కుతుంది. చంటిపిల్లలకి ఆ దారులు ఇంకా సన్నం. అందుకే పిల్లకి ఎక్కువ."

"అంటుకుంటుందా అమ్మా?" అన్నాడు మేస్త్రి. అతనికి కావలసింది ఆ ఒక్క మాట.

"అంటుకోదు. ముగ్గురికీ వచ్చింది ఒకరి నుంచి ఒకరికి కాదు. ముగ్గురూ ఒకే వేడిలో ఉన్నారు, అంతే."

"ఆ మాట మా యజమానికి మీరే చెప్పండమ్మా" అన్నాడు పిండాయన. "మేం చెబితే మాకు చదువు లేదంటాడు."

నర్సమ్మ ఫోన్లో యజమానికి చెప్పింది. మేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు. అప్పటినుంచి అతని చెవులు సగమే విన్నాయి.

అతని భార్య మాత్రం మొత్తం వింది. నర్సమ్మ ఆమెకే చెప్పింది. "వదులుగా నూలుబట్ట వెయ్యి. మామూలు నీళ్లతో తుడిచి, రుద్దకుండా అద్దు. నూనె రాయకు, పౌడరు వెయ్యకు. చల్లగాలి తగలాలి. ఒళ్లు చల్లబడితే కొద్దిరోజుల్లో వాటంతటవే పోతాయి. పోకపోతే తీసుకురా. పొక్కుల్లో పసుపుపచ్చగా చీము కనిపించినా, చుట్టూ ఎర్రగా పాకినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, తాకితే ఏడ్చినా, జ్వరం వచ్చినా, పాలు మానేసినా ఒక్క గంట ఆగకు. అది చెమటకాయ కాదు. చర్మంలోకి క్రిమి దిగినట్టు."

"సరేనమ్మా."

"మీ గది ఎలా ఉంటుంది? గాలి వస్తుందా?"

"కింద బట్టీ ఉంటుందమ్మా."

నర్సమ్మ చేతిలో పని ఆపింది. "ఇంకో చోటు లేదా?"

"లేదమ్మా."

"దీనికి చల్లటి చోటే మందు. అది నా దగ్గర సీసాలో లేదు తల్లీ."

ఇంటికి వచ్చి పౌడరు డబ్బా అటక మీద పెట్టేశారు. నూనె మానేశారు. గౌను మానేసి పల్చటి గుడ్డ మీద పడుకోబెట్టారు. వీపు మీద కాస్త తగ్గినట్టే అనిపించింది. మెడ దగ్గర మాత్రం తగ్గలేదు. చంటిపిల్లల మెడ మెడలా ఉండదు. మడత మీద మడత. లోపల ఎప్పుడూ తడి. పాలు కారి అందులోకే పోతాయి.

మేస్త్రి ఆ మడత చూశాడు. తడిగా అంటుకుపోయి ఉంది. అంటుకునేదాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలుసు. పదేళ్ల వయసునుంచి అదే పని. బల్లకి అంటుకుంటే పిండి చల్లాలి. ట్రేకి అంటుకుంటే పిండి చల్లాలి. చేతికి అంటుకున్నా పిండే. కిందికి పోయి జల్లించిన మైదా ఒక గుప్పెడు తెచ్చాడు. రెండు వేళ్లతో మడత విప్పి, బల్ల మీద చల్లినట్టే పల్చగా చల్లాడు.

"పౌడరు వద్దన్నారు కదా" అంది భార్య.

"ఇది పౌడరా? తినే వస్తువు. వాసన లేదు, మందు లేదు. చూడు, ఎలా ఆరిందో."

నిజంగానే ఆరింది. పిల్ల కూడా ఊరుకుంది. అతను పనికి దిగేటప్పుడు ఒకసారి, ఎక్కి వచ్చినప్పుడు ఒకసారి చల్లేవాడు. తండ్రిగా పిల్లకి చెయ్యగలిగింది ఒకటి దొరికిందని అతనికి తృప్తిగా ఉండేది. లోపల చెమటతో, పాలతో కలిసి ఆ పిండి ముద్దయ్యేది. మడత కదిలినప్పుడల్లా ఆ ముద్ద లేత చర్మాన్ని ఒరిసేది. అది పైకి కనపడేది కాదు. తెల్లగా, శుభ్రంగా కనపడేది.

అంతలో బట్టీ నోటి మీద కమాను ఇటుకలు రాలాయి. కాల్చడం ఆపేశారు. చల్లారాక ఇటుక కట్టేవాళ్లు వచ్చి పని మొదలుపెట్టారు. రొట్టె ఆగిపోయిందని యజమాని తల పట్టుకున్నాడు. పైగదిలో మాత్రం నేల చల్లబడింది. పొగగొట్టం గోడకి వీపు ఆనించి కూర్చోగలిగారు. ఆ గదిలో ఎండాకాలంలో మొదటిసారి నిద్ర పట్టింది.

మేస్త్రి వీపు మీది పొక్కులు ఎండిపోయి పొట్టులా రాలాయి. పిండాయన వచ్చి తన ముంజేతులు చూపించాడు.

"చూడు బావా, కొత్త పెళ్లికొడుకులా అయ్యాను. ఈ బట్టీ రోజూ కూలితే బాగుండు."

"కూలితే తినేదేంటి?"

"అదీ నిజమే. గోక్కుంటూ తినాలి, లేదా చల్లగా పస్తుండాలి."

పిల్ల వీపు కూడా నున్నబడింది. నుదురు నున్నబడింది. మెడ నున్నబడలేదు. తల్లి గమనించింది. పిల్లని ఒళ్లో పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, మడత విప్పబోయింది. పిల్ల కెవ్వుమంది. లోపల తెల్లటి ముద్ద. దాని అంచుల్లో పసుపుపచ్చగా ఎండిన చెక్కు. పుల్లటి వాసన. మడత దాటి గడ్డం వైపు ఎర్రదనం పాకింది. వేలి వెనకవైపు ఆనించి చూసింది. ఆ చోటు మిగతా ఒంటికంటే వేడిగా ఉంది.

"ఇది వేరే" అంది.

"ఏం వేరే? చెమటకాయలే" అన్నాడు మేస్త్రి. "నర్సమ్మ చూసి చెప్పింది కదా."

"అప్పుడు చూసింది అది. ఇప్పుడు చూడలేదు. వేడి పోతే అవి పోతాయంది. నీవి పోయాయి. దాని వీపు మీదవి పోయాయి. ఇవి ఎందుకు పోలేదు?"

"పసిది. చర్మం లేత. టైం పడుతుంది."

"లేత చర్మానికి తొందరగా పోవాలి గాని ఆలస్యమెందుకు? చీము కూడా ఉంది, చూడు."

అతను చూడలేదు. కిటికీ వైపు చూశాడు. "ఇప్పుడు ఆస్పత్రికి పోతే ఏమంటారు? అంటుజబ్బంటారు. కింద ఆయన వింటాడు. బట్టీ ఎలాగూ ఆగి ఉంది. కొత్తవాణ్ణి పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి అదను ఆయనకి దొరుకుతుందా? రేపటిదాకా ఆగు. తగ్గుతుంది."

"తగ్గకపోతే?"

"తగ్గుతుందంటున్నానా!"

ఆమె ఆగింది. అది ఉదయం. మధ్యాహ్నానికి పిల్ల పాలు పట్టడం మానేసింది. నోట్లో పెడితే రెండు గుటకలు వేసి వదిలేసింది. ఎత్తితే తల వాలిపోతోంది. ఏడుపు కూడా పిల్లి కూనలా సన్నబడింది. ఒళ్లు పెనంలా ఉంది. గది చల్లగా ఉంది, పిల్ల కాలిపోతోంది. ఆమె మొగుడికి చెప్పలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది.

కింద ఇటుకలు అందిస్తున్న మేస్త్రి ఆమెని చూశాడు. పిల్ల చెయ్యి వేలాడుతోంది. చేతిలో ఇటుక కింద పెట్టి వెనకే పరుగెత్తాడు.

నర్సమ్మ మడత విప్పి చూసి, ఏమీ అడగకుండా పెద్దాస్పత్రికి బండి పిలిచింది. అక్కడ డాక్టరమ్మ పిల్లని తీసుకుంది. చేతికి సూది దిగలేదు. నరం దొరకలేదు. తలకి పెట్టారు. మెడలోని ముద్దని సెలైన్‌తో తడిపి కొంచెం కొంచెంగా తీశారు. కింద చర్మం లేదు. పచ్చి మాంసంలా ఎర్రగా, తడిగా ఉంది.

"ఇక్కడేం పెట్టారు?"

మేస్త్రి నోరు తెరిచాడు. అతని భార్య చెప్పింది. "మైదాపిండి. ఆరుతుందని."

డాక్టరమ్మ ఒక్క క్షణం అతని చేతుల వైపు చూసింది. గోళ్ల మొదట్లో ఇంకా తెల్లగా ఉంది.

"ఇదంతా పిండి ఒక్కటే చెయ్యలేదు" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి బాగుండేది. "ముందు చెమటకాయలు నిజమే. వాటికి చర్మం దెబ్బతింది. మీద ముద్ద కట్టి ఒరుసుకుంది. పగిలిన చోటునుంచి క్రిమి లోపలికి పోయింది. ఇప్పుడు ఇది చల్లబరిస్తే పోయేది కాదు. రక్తంలోకి కూడా పోయిందేమో పరీక్షకి పంపాం. ఇంత చిన్నపిల్లకి జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు."

"బతుకుతుందా?" అంది తల్లి.

"మందు ఎక్కిస్తున్నాం. చూద్దాం."

"బతుకుతుందా డాక్టరమ్మా?"

"చూద్దామమ్మా."

వార్డులో ఏసీ ఉంది. చంటిపిల్లలు వరసగా పడుకున్నారు. ఆ చలికి తల్లి కొంగు భుజాల మీద కప్పుకుంది. మేస్త్రి బయట బల్ల మీద కూర్చున్నాడు. పిండాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏదో ఒకటి అనకపోతే అతనికి ఊపిరాడదు.

"బన్ను గట్టిది బావా. మన చేతిలో పడ్డ పిండి ఎప్పుడైనా పాడైందా?"

మేస్త్రి తల ఎత్తాడు. పిండాయన నాలుక కరుచుకున్నాడు.

పిల్ల బతికింది. జ్వరం మెల్లగా దిగింది. పాలు పట్టింది. మెడ మీద కొత్త చర్మం వచ్చింది, ఉల్లిపొరలా పల్చగా, మెరుస్తూ. అది చూసి తల్లి నవ్వలేదు. పొగగొట్టం గోడ గుర్తొచ్చింది.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఏ మందు ఎప్పుడో చెప్పింది. మడతలు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, గాలికి ఆరనివ్వమంది. ఏదీ చల్లొద్దంది. "ఆ చర్మం ఇంకా పచ్చిది. మళ్లీ చెమట పట్టి పగిలితే మళ్లీ ఇదే జరగొచ్చు. చల్లటి గదిలో ఉంచండి."

"ఇక్కడే ఇంకొన్నాళ్లు ఉంచుకోరా?" అన్నాడు మేస్త్రి. "ఎండలు పోయేదాకా."

"తగ్గిన పిల్లకి మంచం ఇవ్వలేను. బయట తగ్గనివాళ్లు ఉన్నారు. ఇక్కడ ఉంటే వాళ్ల జబ్బులు అంటుకుంటాయి కూడా."

అది అబద్ధం కాదు.

అతను యజమాని దగ్గరికి పోయాడు. బట్టీ కట్టడం అయిపోయింది. కొత్త ఇటుకలు ఎర్రగా మెరుస్తున్నాయి.

"పిల్ల ఎలా ఉంది?" అన్నాడు యజమాని. నిజంగానే అడిగాడు.

"తగ్గిందండీ. గది మార్చమన్నారు. చల్లగా ఉండాలట."

"నా దగ్గర ఏముంది? ముందు దుకాణం. వెనక పిండి బస్తాల కొట్టు, దానికి కిటికీ కూడా లేదు, ఎలుకలు. కావాలంటే బయట ఎక్కడైనా చూసుకో. కాని నిప్పు దగ్గర మనిషి ఉండాలి. వేళకి లేచి రాజెయ్యాలి. నువ్వు ఉండకపోతే ఉండేవాణ్ణి పెట్టుకోవాలి."

"వాళ్లిద్దరినీ బయట పెడతానండీ. నేనుంటాను."

"పెట్టు. ఎక్కడ?"

మేస్త్రి ఆలోచించాడు. భార్యకి తల్లి లేదు. అన్న ఉన్నాడు, అతను ఎక్కడో గనుల దగ్గర రేకుల పాకలో ఉంటాడు. రేకంటే అదీ బట్టీకి తమ్ముడే. పిండాయనది ఒక్క గది, అందులో ఆరుగురు. అద్దె గదులన్నీ రేకు కప్పువే. చల్లటి గది అంటే దానికి వేరే మనుషులుంటారు.

"అడిగానుగా, ఎక్కడో చెప్పు" అన్నాడు యజమాని.

మేస్త్రి కట్టెలు తేవడానికి పోయాడు.

బట్టీ రాజేశారు. నేల వేడెక్కడానికి ఎక్కువసేపు పట్టలేదు. మొదట ఆమె పిల్లని మెట్ల మొదట్లో, కింద పడుకోబెట్టింది. అక్కడ కాస్త గాలి ఆడుతుంది. బస్తాలు మోసేవాళ్లు ఆ దారినే కొట్టుకి పోయి వస్తారు. ఒకడి కాలు పిల్ల తల పక్కనే పడింది. ఆ చోటు మానేసింది. తర్వాత పగలంతా నర్సమ్మ ఆస్పత్రి వరండాలో ఫ్యాను కింద కూర్చుంది. రెండు పూటలు నర్సమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. మూడో పూట వచ్చి పక్కన కూర్చుంది.

"తల్లీ, ఆ మూల దగ్గుతున్నాయన ఉన్నాడు. ఈ పక్క తట్టు పోసిన పిల్లాడు ఉన్నాడు. నీ పిల్లని ఇక్కడ కూర్చోబెట్టొద్దు."

"ఎక్కడ కూర్చోబెట్టనమ్మా?"

నర్సమ్మ పిల్ల పాదం పట్టుకుని కాసేపు కూర్చుంది. లోపలినుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్లింది.

ఆమె గదికి వచ్చింది. పిల్లకి తడిగుడ్డ వేసింది. గుడ్డ ఆరిపోయేది, మళ్లీ తడిపేది. బిందెలో నీళ్లు కూడా గోరువెచ్చగా ఉన్నాయి.

తెల్లవారి వెలుతురులో, మేస్త్రి చొక్కా వేసుకుంటుండగా, ఆమె పిలిచింది.

"ఇటు రా."

పిల్ల మెడ మీద, ఆ కొత్త చర్మం అంచున, పొక్కులు లేచాయి. అతను వంగి చూశాడు. ఈసారి బాగా చూశాడు. వేలి వెనకవైపు ఆనించాడు. చుట్టూ వేడి లేదు. పిల్ల ఏడవలేదు. చీము లేదు, చెక్కు లేదు, వాసన లేదు. పిల్ల పాలు తాగి, అతని బొటనవేలు పట్టుకుని నవ్వుతోంది.

"చెమటకాయలే" అన్నాడు.

"చెమటకాయలే" అంది ఆమె. "ఇప్పటికి."

ఇద్దరికీ అది బాగా తెలుసు ఇప్పుడు. చూసి చెప్పగలరు. ఏది ఎక్కడ మొదలవుతుందో, ఏది ఎప్పుడు ఏదిగా మారుతుందో తెలుసు. చెయ్యాల్సింది కూడా తెలుసు. దాన్ని చెయ్యడానికి చోటు లేదు.

కిందనుంచి పిండాయన కేక వేశాడు. "బావా! పిండి పొంగిపోతోంది. ఇంకా నిప్పు అందుకోలేదేంటి?"

మేస్త్రి కదల్లేదు. తను కట్టె వేస్తేనే కింద రొట్టె కాలుతుంది. అదే కట్టెకి ఈ నేల కాలుతుంది. వెయ్యకపోతే సాయంత్రానికి ఈ నేల కూడా ఉండదు.

"వెళ్లు" అంది భార్య.

"కొంచెమే వేస్తాను. మెల్లగా."

"కొంచెం నిప్పుకి రొట్టె కాలుతుందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మరి వెళ్లు."

అతను దిగాడు. ఆమె పిల్లని చంకనేసుకుని, నేల మీద అరికాలు పెట్టి చూసుకుంటూ, ఏ మూల ఇంకా చల్లగా ఉందో వెతకడం మొదలుపెట్టింది. కింద కట్టెలు చిటపటమన్నాయి. కాసేపటికి రొట్టె వాసన పైకి వచ్చింది. ఆమె గది మధ్యలో నిలబడి, బరువు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి మార్చుకుంది.